నాలుగంతస్తుల స్టీలు క్యారేజీ: పేరడీ ప్రకటన ఎలా పుడుతుంది?

పేరడీ ప్రకటనలో అబద్ధం ఉండకూడదు. చాలామంది దీనికి వ్యతిరేకంగా అనుకుంటారు. వెక్కిరింపు ప్రకటన కదా, ఎంత కోస్తే అంత నవ్వు వస్తుందనుకుంటారు. కానీ "ఈ టిఫిన్ క్యారేజీలో పెట్టిన అన్నం తింటే గాల్లో ఎగురుతారు" అని రాస్తే ఎవరూ నవ్వరు. "పిడి పట్టుకుంటే నాలుగంతస్తులూ ఒకేసారి లేచే లిఫ్ట్ సౌకర్యం" అని రాస్తే నవ్వుతారు. మొదటిది కోత. రెండోది నూటికి నూరుపాళ్లు నిజం. నాలుగు గిన్నెల క్యారేజీని పిడి పట్టుకుని లేపితే నాలుగూ ఒకేసారి లేస్తాయి. ఆ మామూలు సంగతిని అపార్ట్‌మెంట్లు అమ్మే గొంతుతో చెప్పడంలోనే ఉంది నవ్వంతా.

ఇంట్లో రోజూ వాడే చెంబు, చాట, రోలు, క్యారేజీ లాంటి వస్తువులకు గంభీరమైన ప్రకటన రాయడం చూడటానికి తేలిక పనిలా ఉంటుంది. నిజానికి అందులో రెండు కొలతలు కుదరాలి. వస్తువు గురించి చెప్పేది ఒక్క అక్షరం తప్పకూడదు. చెప్పే గొంతు ఒక్క మాటైనా దిగకూడదు. వస్తువు చిన్నది, గొంతు పెద్దది. ఆ రెండింటి మధ్య ఎడం ఎంత శుభ్రంగా కనిపిస్తే పేరడీ అంత బాగా పండుతుంది.

ఈ విద్య మనకు కొత్త కాదు. తెలుగులో పేరడీ అనగానే గుర్తొచ్చే పేరు జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి, అంటే జరుక్ శాస్త్రి. పెద్ద కవుల నడకను అచ్చంగా పట్టుకుని, అందులో మామూలు విషయాలు నింపి ఆయన నవ్వించారు. పేరడీకి అసలు తాళం అక్కడే ఉంది. ముందు అవతలివాడి నడక మనకు పూర్తిగా పట్టుబడాలి. ప్రకటనలకు ఇదే పని చేసిన పత్రిక అమెరికాలో 1952లో మొదలైన 'మ్యాడ్'. ఆ పత్రిక 1957 నుంచి 2001 దాకా అసలు ప్రకటనలే వేసుకోలేదు. సబ్బులనూ సిగరెట్లనూ అమ్మేవాళ్ల భాషను ఎగతాళి చేస్తూ, పక్క పేజీలో వాళ్ల డబ్బుకే చోటివ్వడం కుదిరే పని కాదు.

పేరడీ నిజాన్ని ఎంత దగ్గరగా అంటిపెట్టుకుంటుందో చూపించే ఉదాహరణ ఒకటుంది. 1971లో అమెరికాలో జిల్లెట్ సంస్థ రెండు బ్లేళ్ల రేజర్ తెచ్చింది. 1975 అక్టోబరులో 'సాటర్డే నైట్ లైవ్' టీవీ కార్యక్రమం మొదటి ఎపిసోడ్‌లోనే మూడు బ్లేళ్ల రేజర్‌కి ఒక ఉత్తుత్తి ప్రకటన వచ్చింది. రెండు బ్లేళ్లు సరిపోతుంటే మూడోది దేనికన్నదే అందులో హాస్యం. 1998లో అదే జిల్లెట్ మూడు బ్లేళ్ల మాక్ త్రీ రేజర్‌ని నిజంగానే అమ్మకానికి పెట్టింది. పేరడీ రాసినవాళ్లు జోస్యం చెప్పలేదు. రేజర్ల ప్రకటనలు ఏ దారిన నడుస్తున్నాయో చూసి, అదే దారిలో ఒక్క అడుగు ముందుకేశారు. పది అడుగులు వేసి ముప్పై బ్లేళ్లు పెట్టి ఉంటే అది ఇంతకాలం గుర్తుండేది కాదు.

ఇప్పుడు మన స్టీలు క్యారేజీకి వద్దాం. దీనికి పేరడీ ప్రకటన రాయాలంటే మొదట కలం పట్టకూడదు, క్యారేజీని పట్టాలి. టేబులు మీద పెట్టి, విప్పి, కొలవాలి. మామూలు నాలుగు గిన్నెల క్యారేజీలో ఒక్కో గిన్నె లోపలి వ్యాసం 14 సెంటీమీటర్లు, లోతు 5 సెంటీమీటర్లు అనుకుందాం. గిన్నెలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. పై గిన్నె అడుగే కింది గిన్నెకు మూత. విడిగా మూత ఉండేది అన్నిటికన్నా పైదానికే. పక్కల రెండు పట్టీలు, వాటిని కలిపే పిడి, ఊడకుండా క్లిప్పు. మూత మీదో గిన్నె అంచునో ఇంటిపేరు, పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. రబ్బరు వాషరు ఉండదు. గోడ ఒకే పొర స్టీలు కాబట్టి వేడి ఎక్కువసేపు నిలవదు. ఒకప్పుడు వీధిలోకి వచ్చే స్టీలు సామాన్లవాళ్లకు పాత బట్టలు మూటగట్టి ఇస్తే ఇలాంటి క్యారేజీ ఇంటికి చేరేది. ఈ వివరాలన్నీ కాగితం మీద వరసగా రాసుకోవాలి. పేరడీలో వచ్చే ప్రతి వాక్యం ఈ జాబితాలోంచే పుట్టాలి.

రెండో పని గొంతును ఎంచుకోవడం. ఏ ప్రకటన గొంతైనా ఏ వస్తువుకైనా అతకదు. టూత్‌పేస్ట్ ప్రకటనలో తెల్లకోటు డాక్టరు మాట్లాడే గొంతు క్యారేజీకి పెడితే రెండు వాక్యాల్లో సరుకు అయిపోతుంది. పెళ్లి ప్రకటన గొంతు ఇంకాస్త దూరం వెళుతుంది: తెల్లగా, గుండ్రంగా ఉండి, ఇంటిపని తెలిసిన... అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే పెళ్లి ప్రకటనలో అంతస్తులుండవు. క్యారేజీకి ఉన్న అసలు లక్షణం అంతస్తులు. ఒకదానిమీద ఒకటి కట్టిన నాలుగు గదులు, పైవాడి నేలే కిందివాడి కప్పు. ఇది అచ్చంగా అపార్ట్‌మెంటు. మన పత్రికల ఆదివారం పేజీల్లో అందరికీ నోటికొచ్చిన గొంతు కూడా అదే: హైవేకి ఆనుకుని, వాస్తు ప్రకారం, స్పాట్ రిజిస్ట్రేషన్, బ్యాంకు లోన్ సౌకర్యం, సైట్ విజిట్‌కు ఉచిత వాహనం. వస్తువు కట్టుబడి, ప్రకటన కట్టుబడి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నప్పుడు వాక్యాలు వాటంతటవే వస్తాయి.

మూడో పని జతలు కట్టడం. అపార్ట్‌మెంటు ప్రకటనలో వచ్చే ప్రతి మాటకూ క్యారేజీలో నిజమైన జోడీ వెతకాలి. లిఫ్టుకు పిడి దొరికింది. రిజిస్ట్రేషన్‌కు చెక్కిన పేరు దొరికింది. లోన్‌కు పాత బట్టలు దొరికాయి. వాస్తుకు ఏముంది? గిన్నె గుండ్రం. గుండ్రటి దానికి మూలలుండవు. మూలలే లేనప్పుడు ఈశాన్యం పెరిగిందనీ నైరుతి తగ్గిందనీ అనడానికి లేదు. స్విమ్మింగ్ పూల్‌కు, క్లబ్ హౌస్‌కు క్యారేజీలో జోడీ లేదు. లాక్కొచ్చి పెట్టవచ్చు గానీ పెట్టకూడదు. జోడీ దొరకని మాటను వదిలేయడమే మంచిది.

ఇలా కట్టిన జతలతో తయారయ్యే ప్రకటన ఇది:

క్యారేజ్ హైట్స్

*మీ చేతికి ఆనుకుని... జీ ప్లస్ త్రీ స్టీలు నిర్మాణం!*

*అంతస్తుకు ఒకే ఫ్లాటు. ఉమ్మడి గోడలు లేవు. పక్కింటివారు లేరు.*

*కార్పెట్ ఏరియా ఫ్లాటుకు 154 చదరపు సెంటీమీటర్లు. నాలుగు ఫ్లాట్లూ కలిపి 0.66 చదరపు అడుగులు.*

*వంద శాతం గుండ్రటి ప్లాను. మూలలు లేవు కనుక ఏ మూలకూ దోషం లేదు.*

*లిఫ్ట్ సౌకర్యం: పిడి పట్టుకుంటే నాలుగంతస్తులూ ఒకేసారి లేచును. కరెంటు పోయినా ఆగదు.*

*సెంట్రల్ హీటింగ్: ఉదయం వేళల్లో మాత్రమే.*

*బస్టాండు, రైల్వే స్టేషను, ఆఫీసు, అన్నీ దగ్గరే. మీరు ఎటు నడిస్తే ప్రాజెక్టు అటే వచ్చును.*

*గ్రౌండ్ ఫ్లోరు అన్నం, మొదటి అంతస్తు పప్పు, రెండో అంతస్తు బెండకాయ వేపుడు, మూడో అంతస్తు పెరుగు ఇప్పటికే గృహప్రవేశం చేసినవి. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్ని ఫ్లాట్లూ ఖాళీ చేయబడును.*

*రిజిస్ట్రేషన్: ఓనరు పేరు మూత మీదే చెక్కి ఇవ్వబడును. లోన్ అక్కర్లేదు, పాత బట్టలు తీసుకోబడును.*

*స్థలం 500 చదరపు మీటర్లు దాటలేదు, ఫ్లాట్లు ఎనిమిదికి మించలేదు. కనుక రెరా నమోదు అవసరం లేదు.*

*సైట్ విజిట్‌కు వచ్చినవారికి భోజనం సైట్‌లోనే.*

*షరతులు వర్తిస్తాయి: ప్రాజెక్టు ఒరిగినచో పప్పు బయటి గోడ వెంట దిగి ఓనరు సంచిలో చేరవచ్చును.*

ఇందులో లెక్కలు సరదాకి వేసినవి కావు. వ్యాసం 14 సెంటీమీటర్లయితే వ్యాసార్ధం 7. దాని వర్గాన్ని ఇరవైరెండు బై ఏడుతో గుణిస్తే 154 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. నాలుగు గిన్నెలకు 616. ఒక చదరపు అడుగు 929 చదరపు సెంటీమీటర్లు కాబట్టి మొత్తం 0.66 చదరపు అడుగులు. పాఠకుడు లెక్క వేసుకుని "నిజమే" అనుకున్నప్పుడు రెండోసారి నవ్వుతాడు. వేయని పాఠకుడికి కూడా 154 అన్న అంకె, "సుమారు 150" కన్నా గట్టిగా వినిపిస్తుంది. ప్రకటన భాషకు కచ్చితమైన అంకెల మీద ఉన్న మోజు అందులో కనబడుతుంది.

రెరా వాక్యం కూడా అంతే. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లకు మించని ప్రాజెక్టుకు, లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించని ప్రాజెక్టుకు రెరాలో నమోదు తప్పనిసరి కాదు. మన క్యారేజీ రెండు షరతుల్లోనూ ఇమిడిపోతుంది. ఇలాంటి వాక్యం రాయాలంటే ఆ చట్టంలో ఏముందో చదవాలి. కష్టపడి తెలుసుకున్న నిజం పేరడీలో కూర్చుంటే, ఊహించి రాసిన చమత్కారం దాని ముందు నిలవదు.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది చివరి షరతు. ఆ చోట చేతికి మొదట వచ్చే వాక్యం వేరు: "పై ఫ్లాటు పెరుగు కింది ఫ్లాటులోకి కారవచ్చును." అపార్ట్‌మెంటు గొడవలన్నీ గుర్తొచ్చే మంచి వాక్యమే. కానీ అది నిజమా? గిన్నెల్లో నీళ్లు పోసి క్యారేజీని ఒరగేసి చూడాలి. పై గిన్నెలోని నీళ్లు దాని పైఅంచు దగ్గరి సందులోంచి బయటికొచ్చి, గోడ వెంట కిందికి జారతాయి. కింది గిన్నెను పై గిన్నె అడుగు మూసేసి ఉంది కాబట్టి చాలావరకు లోపలికి పోవు. తడిసేది సంచి. క్యారేజీ మోసిన ప్రతివాళ్లకూ ఈ సంగతి తెలుసు. పసుపు మరక పడ్డ గుడ్డసంచి వాళ్ల ఇళ్లలో ఉంది. "కింది ఫ్లాటులోకి" అని రాస్తే వాళ్లకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది, నవ్వు సగంలో ఆగుతుంది. "బయటి గోడ వెంట దిగి ఓనరు సంచిలో" అంటే తమ సంచే కళ్లముందు కనబడుతుంది. ఒక్క గ్లాసు నీళ్ల పరీక్షతో వాక్యం బాగుపడింది.

పేరడీ ఎక్కడ చెడుతుందో కూడా దీన్నిబట్టి చెప్పవచ్చు. మొదటిది కోత. క్యారేజీ బుల్లెట్లకు కూడా చెక్కుచెదరదని రాస్తే వస్తువు మాయమై రాసినవాడి ఆయాసం మిగులుతుంది. రెండోది రాసినవాడే ముందు నవ్వేయడం. మధ్యలో "హహ్హ, ఏం ప్రాజెక్టండీ బాబూ" అన్న ధోరణి ఒక్కసారి దూరినా అమ్మకందారు వేషం ఊడిపోతుంది. ప్రకటన మొదటినుంచి చివరిదాకా అమ్మడానికే పుట్టినట్టుండాలి. మూడోది గొంతులు కలిసిపోవడం. రియల్ ఎస్టేట్ భాష నడుస్తుండగా "క్లినికల్‌గా నిరూపితం" అని మందుల ప్రకటన మాట వస్తే పాఠకుడు ఏ పేజీలో ఉన్నాడో మరిచిపోతాడు. అందుకే "లేచును, చేయబడును, తీసుకోబడును" అన్న బిగుతు క్రియల్ని చివరిదాకా నిలబెట్టాలి. ప్రకటనల తెలుగుకు ఆ క్రియలే ముఖం.

చెడిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. క్యారేజీ అన్న మాట తీసేసి ప్లాస్టిక్ బకెట్ అని పెట్టి చదవండి. ఏ వాక్యం బకెట్‌కూ సరిపోతుందో ఆ వాక్యం బలహీనం. "తరతరాలు నిలిచే నాణ్యత" అని ఉంటే అది దేనికైనా సరిపోతుంది, తీసేయాలి. "మధ్యాహ్నం ఒంటిగంటకు అన్ని ఫ్లాట్లూ ఖాళీ" అన్నది క్యారేజీకి తప్ప దేనికీ చెల్లదు. తర్వాత మొత్తం పైకి చదవాలి, రేడియో ప్రకటన చదివేవాళ్లలా, చిరునవ్వు లేకుండా. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ గొంతు మారిందన్నమాట.

వస్తువు మారితే గొంతూ మారుతుంది. రుబ్బురోలును తీసుకోండి. దానికి అంతస్తుల్లేవు కాబట్టి అపార్ట్‌మెంటు భాష ఒక్క వాక్యం కూడా నడవదు. రోలుకున్న గొప్పతనం కరెంటు అక్కర్లేకపోవడం, బరువు, ఏళ్ల తరబడి ఉండటం. ఈ మూడూ కొత్త ఫోన్ ప్రకటనలో గొప్పగా చెప్పుకునే అంశాలకు ఎదురు నిలబడతాయి. "ఛార్జింగ్ సమయం: సున్నా నిమిషాలు. నెట్‌వర్క్ లేని చోట కూడా పూర్తి వేగం. చెయ్యి జారి పడినా స్క్రీన్ పగలదు, పగిలేది గచ్చు మాత్రమే. అప్‌డేట్: గరుకు తగ్గినప్పుడు ఉలితో గంట్లు పెట్టించుకోవలెను." క్యారేజీలో నవ్వు పోలికలోంచి పుట్టింది. రోలులో ఎదురుబొదురు నిలిచిన రెండు కాలాల్లోంచి పుట్టింది. వస్తువును కొలిచి జాబితా రాసుకుంటే రెండింట్లో ఏ దారి పట్టాలో అదే చెబుతుంది.

పేరడీ ఎవరి మీద గురిపెట్టాలన్నది కూడా ముఖ్యమే. మన ప్రకటనలో గురి క్యారేజీ మోసేవాళ్ల మీద లేదు, పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు కొన్న ఇల్లాళ్ల మీద లేదు. 0.66 చదరపు అడుగుల్ని కూడా రాజభవనంలా వర్ణించగల భాష మీద ఉంది. అందుకే ఊహించిన పేరు వాడటం మేలు. నిజమైన కంపెనీ పేరు వాడితే చట్టం ఏమంటుందన్న ప్రశ్న మన దేశంలోనూ కోర్టుకెక్కింది. ఒడిశాలోని ధామ్రా రేవు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పుందంటూ గ్రీన్‌పీస్ సంస్థ ఒక కంప్యూటర్ ఆట తయారు చేసి, అందులో టాటా గుర్తును వాడింది. టాటా సన్స్ అభ్యంతరం చెప్పింది. ఆటను ఆపేయమని మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి ఢిల్లీ హైకోర్టు 2011 జనవరిలో నిరాకరించింది. ఒక గుర్తును సరుకు అమ్ముకోవడానికి వాడటం వేరు, విమర్శకో వ్యంగ్యానికో వాడటం వేరు అన్నది అందులో ముఖ్యమైన అంశం. అలాగని ఒక కంపెనీ మీద లేని నేరం మోపడానికి పేరడీ ముసుగు పనికిరాదు. ఇంటి వస్తువులకు రాసేటప్పుడు ఈ చిక్కు అసలే అక్కర్లేదు. క్యారేజీ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు.

ఒక్కసారి ఇలాంటి ప్రకటన కూర్చి రాసినవాళ్లు నిజం ప్రకటనను చదివే తీరు మారుతుంది. క్యారేజీకి కార్పెట్ ఏరియా కట్టడం కోసం లోపలి వ్యాసమే కొలిచాం, బయటి పట్టీల్నీ పిడినీ కలపలేదు. ఫ్లాటు విషయంలోనూ అంతే. కార్పెట్ ఏరియా అంటే లోపల వాడుకోగలిగే నేల. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు, ఇంటి లోపలి అడ్డుగోడలు వస్తాయి. సూపర్ బిల్టప్ ఏరియాలో మెట్లు, వరండాలు, లిఫ్టు చోటు కూడా వాటాలుగా కలుస్తాయి. పిడిని కూడా కలిపి అంతస్తు కొలిచినట్టన్నమాట. పెద్ద అక్షరాల్లో ఏ అంకె ఉందో, దాని పక్కన ఏ మాట ఉందో చూడటం అప్పటినుంచి అలవాటవుతుంది.

చివర్లో పెట్టిన షరతు కూడా అలాగే కళ్లు తెరిపిస్తుంది. మన పేరడీలో షరతు పైన చెప్పిన గొప్పలన్నిటినీ నీరుగారుస్తుంది. నిజం ప్రకటనలో అలా చేయకూడదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం షరతు అసలు మాటకు విరుద్ధంగా ఉండకూడదు. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతూ అదే భాషలో ఉండాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో మెలిక పెట్టడం కుదరదు. రెరా చట్టమూ ప్రకటనల్ని వదల్లేదు. నమోదైన ప్రాజెక్టు తన ప్రకటనలో రెరా నంబరు, రెరా వెబ్‌సైటు చిరునామా వేయాలి. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని కూడా అందులో ఉంది.

పేరడీ రాసేవాడు పెద్ద గొంతు తీసుకుని చిన్న వస్తువుకు తొడుగుతాడు. ప్రకటన చదివేవాళ్లు దాన్నే తిరగేసి చేయవచ్చు. వచ్చే ఆదివారం పేజీలో ఏదైనా ఒక వెంచర్ ప్రకటన తీసుకుని, ప్రతి వాక్యం దగ్గరా ఆగి, గొంతును ఒలిచేసి చూడండి. "విమానాశ్రయానికి ఇరవై నిమిషాలు" అంటే ఏ వేళకు? "రానున్న మెట్రోకు దగ్గర" అంటే ఆ మెట్రో మంజూరైందా? ఒలిచాక చేతితో కొలవగలిగే సంగతి మిగిలితే ఆ వాక్యాన్ని నమ్మవచ్చు. ఏమీ మిగలకపోతే, దానికన్నా ఎక్కువ నిజం మన క్యారేజీ ప్రకటనలోనే ఉంది.